బావా, తీరిగ్గా చదువు

బావా, ఇది మిల్లులో కాటా దగ్గర నిలబడి చదవొద్దు. లారీలన్నీ వెళ్ళిపోయాక, టీ తాగేటప్పుడు చదువు. కంగారు పడే విషయం కాదు, అందరం బాగానే ఉన్నాం, చిన్నదానికి దగ్గు కూడా తగ్గింది. ఎదురుగా చెప్దామని రెండు రోజుల నుంచి చూస్తున్నా గానీ నేను నోరు తెరిస్తే ముందు ఏడుపొస్తుంది, ఏడుపు చూస్తే నువ్వు హడలిపోయి సారీ సారీ అనేస్తావు, అసలు మాట అక్కడే ఆగిపోతుంది. అందుకే రాస్తున్నా.

మొన్న శుక్రవారం డిసెంబరు 12. మన పెళ్ళిరోజు.

ఇది చదవగానే గుండెల మీద చెయ్యేసుకుంటావని తెలుసు. ఉండు, మొత్తం చదువు. నువ్వు కావాలని మర్చిపోయావని నేను అనుకోవట్లేదు. ధాన్యం సీజన్లో నీకు వారం పేరే గుర్తుండదు, తేదీ ఎక్కడ గుర్తుంటుంది. ఆ రోజు పొద్దున్న అయిదున్నరకి వెళ్ళావు, రాత్రి పదకొండు దాటాక వచ్చావు, చొక్కా కాలరు నిండా నూగు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ధాన్యంలో తేమ 17 శాతం దాటినా తీసుకోమని ఎవరో రైతు బతిమాలుకున్నాడనీ, బస్తాలు వెనక్కి తీసుకెళ్ళమనడానికి నీకు మనసు రాలేదనీ చెప్పావు. అలాంటి మనిషితో ఈ రోజేంటో తెలుసా అని అడగడానికి నాకు నోరు రాలేదు.

కానీ బాధ కలిగింది బావా. కలగలేదని అబద్ధం చెప్తే అది లోపల ఉండిపోయి ఇంకో రోజు కూరలో ఉప్పు గురించో, తడి తువ్వాలు గురించో గొడవై బయటికొస్తుంది. నా సంగతి నీకు తెలీనిదా.

ఆ రోజు ఏం చేశానో చెప్తా, నవ్వకు. తెల్లారే మినపప్పు నానబోశాను. స్కూలుకి నువ్వు కొన్న ఆ పొందూరు చీర కట్టుకెళ్ళాను, స్టాఫ్ రూములో అడిగితే ఊరికే అన్నాను. ఫ్యామిలీ గ్రూపులో మా చెల్లి పొద్దున్నే శుభాకాంక్షలు పెట్టింది, అందరూ దండాలూ పువ్వులూ పెడుతున్నారు, నువ్వు చూశావో లేదో అని నేను మధ్యాహ్నం దాకా నాలుగైదుసార్లు తీసి చూశాను. నువ్వు ఆ గ్రూపు మ్యూట్‌లో పెట్టి లారీల గ్రూపు ఒక్కటే చూస్తావని తెలిసీ చూశాను. సాయంత్రం గారెలు వేశాను, జీడిపప్పు దండిగా వేసి పరమాన్నం చేశాను. చిన్నది తినేసి పడుకుంది. నేను నీతో తిందామని ఆగాను.

నువ్వొచ్చి కాళ్ళు కడుక్కుని, పళ్ళెం చూసి, "ఏటే, ఇయ్యాల గారెలు? ఏటి పండగ?" అన్నావు. గుర్తుందా? నేనేమన్నాను, "పప్పు ఎక్కువ నానిపోయింది" అన్నాను. నువ్వు నాలుగు గారెలు తిని బాగున్నాయన్నావు, అక్కడే గోడకి ఆనుకుని నిద్రపోయావు.

ఇందులో నా తప్పు కూడా ఉంది, అది నేనే చెప్పాలి. పొద్దున్న గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నప్పుడు ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నీ అంతట నీకు గుర్తొస్తుందేమో చూద్దామని ఊరుకున్నాను. పరీక్ష పెట్టినట్టే అది. పరీక్ష అని చెప్పకుండా పరీక్ష పెడితే పిల్లలైనా ఊరుకోరు. రాత్రి నువ్వు అడిగినప్పుడైనా చెప్పొచ్చు, పప్పు మీదకి నెట్టేశాను. కాబట్టి నువ్వే చేశావు అని ఈ ఉత్తరం కాదు.

అసలు నాకు లోటనిపించింది ఏంటో రెండు రోజులు ఆలోచిస్తే నిన్న బట్టలు ఆరేస్తుంటే తట్టింది. చీర కాదు, కేకు కాదు, అవి నేనెప్పుడు అడిగాను. ప్రతి ఏడూ నువ్వు వేసే ఆ పాత జోకు. 2014లో అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది, సరిగ్గా రెండు నెలలకి డిసెంబరు 12న మన పెళ్ళి, "ఆ తుఫాను ఒక్క రోజులో ఎల్లిపోనాది, ఈ తుఫాను ఇంట్లోనే ఉండిపోనాది" అని చెప్పి నువ్వే పడీపడీ నవ్వుతావు. పదేళ్ళుగా విని విని నాకు చిరాకే వచ్చేది, ఒకసారి మా చెల్లి ముందు అన్నప్పుడు మోచేత్తో పొడిచాను కూడా. ఈసారి ఆ మాట రాలేదు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నట్టనిపించింది. పైగా ఆ ఏడు పెళ్ళి శుక్రవారం అయింది, ఈ ఏడూ శుక్రవారమే పడింది, అది కూడా నీకు చెప్పాలని పొద్దున్నించి దాచుకున్నాను, చెప్పే సందే దొరకలేదు.

నన్ను మర్చిపోయావనిపించింది. రోజుని కాదు, నన్ను. అది నిజం కాదని నా బుర్రకి తెలుసు. డ్రమ్ములో నీళ్ళు నింపకుండా నువ్వు ఒక్క పొద్దున్న కూడా బయటికెళ్ళలేదు, నా థైరాయిడ్ మాత్రలు అయిపోకముందే తెచ్చిపెడతావు. అయినా ఆ రాత్రి నువ్వు నిద్రపోయాక గిన్నెలు తోముతుంటే అలాగే అనిపించింది. నువ్వు చేసినదాని గురించి కాదు బావా చెప్పడం, నాకేమనిపించిందో నీకు తెలియాలని.

ఇంకో సంగతి. సీజన్ మొదలైన దగ్గర్నుంచి మనం మాట్లాడుకున్నవన్నీ గ్యాసు బుక్ చేశావా, ఫీజు కట్టావా, అత్తకి ఫోన్ చేశావా, ఇవే. పెళ్ళిరోజు లేకపోయినా నాకు కొంచెం దిగులుగానే ఉండేదేమో, పెళ్ళిరోజు రావడంతో బయటపడింది.

నాకు ఏం కావాలో కూడా చెప్పేస్తా, నువ్వు ఊహించుకుంటూ కూర్చుని ఏ బంగారమో కొనేసి అప్పు చెయ్యకుండా. వచ్చే ఆదివారం ఒక్క పూట మిల్లుకి సెలవు అడుగు. దొరక్కపోతే పదింటికి వస్తానని చెప్పు. పొద్దున్నే అరసవల్లి వెళ్దాం, పెళ్ళైన కొత్తలో వెళ్ళినట్టు. ఆదివారం కదా, జనం ఉంటారు, క్యూలో నిలబడాలి, నాకు అదే కావాలి, క్యూలో నీకు ఫోన్ తియ్యడం కుదరదు. తర్వాత ఏడు రోడ్ల జంక్షన్ వైపు ఎక్కడో టిఫిన్ చేసి ఇంటికొచ్చేద్దాం. చిన్నదాన్ని పక్కింటి పిన్నిగారు చూసుకుంటానన్నారు. అంతే.

ఇక మీదట తారీఖు నేనే ముందురోజు చెప్తాను, అలిగి చూడను. కొత్త క్యాలెండర్ రాగానే ఎర్ర పెన్నుతో సున్నా చుడతాను, పాల లెక్క రాసే చోటే, నీ కళ్ళు అక్కడికి ఎలాగూ పడతాయి.

నీకూ నా వల్ల ఇలా ఎప్పుడైనా అనిపించి ఉంటే చెప్పు. రెండేళ్ళ కిందట నీ పుట్టినరోజు నాడు నేను పరీక్ష పేపర్లు దిద్దుతూ రాత్రి తొమ్మిదింటికి కదా గుర్తు చేసుకున్నాను, నువ్వు నవ్వేసి ఊరుకున్నావు. అప్పుడు నిజంగా నవ్వొచ్చిందా, నాలాగే పప్పు నానిపోయిందన్నావా?

ఇది చదివి వెంటనే ఫోన్ చెయ్యకు, స్టాఫ్ రూములో ఉంటాను. సారీ అని మెసేజ్ కూడా వద్దు. రాత్రి ఎంత లేటయినా నిద్రపోకుండా ఉంటాను, వచ్చాక ఆ తుఫాను జోకు ఒకసారి చెప్పు. చిరాకు పడను.