వలసలో పాట: క్లీవ్‌లాండ్, మారిషస్

త్యాగరాజస్వామి 1847లో పుష్య బహుళ పంచమి నాడు సిద్ధి పొందారు. తిరువయ్యారులో ఆరాధన ఆ తిథికే జరుగుతుంది. అమెరికాలో చాలా ఊళ్లలో మాత్రం శని, ఆదివారాలకు జరుపుతారు. 1978లో మొదలైన క్లీవ్‌లాండ్ ఉత్సవమైతే ఈస్టర్ రోజుల్లో. ఇలా తిథి తప్పడం ఆచారాన్ని పలచన చేయడమేనని బాధపడేవాళ్లున్నారు. నా ఉద్దేశంలో ఆ సర్దుబాటే పాటను నిలబెట్టింది. జనం కూడితేనే ఆరాధన కదా.

వలసలో సంగీతం ఒంటరి సాధన కన్నా గోష్ఠి మీద ఎక్కువగా బతుకుతుంది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగ పంచరత్నాలకు సంగీతం టీచరూ, పదేళ్ల పిల్లా, ఎప్పుడో వర్ణాల దగ్గర ఆపేసిన ఇంజనీరూ పక్కపక్కనే కూర్చుంటారు. వరాళిని నేరుగా నేర్పితే గురుశిష్యులకు పడదని ఒక నమ్మకం. అందుకే ఆ కృతిని విని పట్టుకోవడమే చాలామందికి అలవాటు. వినడానికి గుంపు కావాలి. ఆరాధన దగ్గరపడుతుంటే ఎవరో ఒకరి ఇంట్లో రిహార్సల్స్, ఆపైన భోజనాలు, ఉద్యోగాల కబుర్లు, కొత్తగా దిగిన కుటుంబానికి ఇల్లు వెతకడం. అన్నమయ్య సప్తగిరి సంకీర్తనల గోష్ఠిగానం చుట్టూ అల్లుకునేదీ ఇలాంటి బంధుత్వమే. ఈ పనంతా ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీదుగా నడుస్తుంది. పిల్లల్ని క్లాసులకు కారులో తిప్పేదీ, సాహిత్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసిపెట్టేదీ చాలా ఇళ్లలో వాళ్లే.

ఇందులో తమిళుల పాత్ర పెద్దది. మన భాషలోని కృతుల్ని మన పిల్లలకు నేర్పే టీచర్లలో చాలామంది వాళ్లే. ఆ రుణం మన సభల్లో గట్టిగా చెప్పుకోవాలి.

మారిషస్ కథ వేరు. పంతొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్లకు టీచర్లూ లేరు, సభలూ లేవు. వాళ్లు పట్టుకెళ్లింది రామభజన. దీపం చుట్టూ తిరుగుతూ, తాళాలు వేస్తూ, ఒకరు అందిస్తే అందరూ అందుకునే పాట. ఇంటి భాష క్రియోల్‌గా మారిపోయాక కూడా గుడిలో ఆ తెలుగు పాట మిగిలింది. చదువూ డబ్బూ లేకపోయినా తరాల పాటు దాన్ని కాపాడుకున్నారు.

అమెరికాకు వెళ్లిన చదువుకున్న మధ్యతరగతి తనతో కర్ణాటక సంగీతాన్నీ అన్నమయ్యనూ తీసుకెళ్లింది. చెక్కభజన, కోలాటం, ఒగ్గుకథ ఎప్పుడో పండగ వేదిక మీద పది నిమిషాల ఐటమ్‌గా కనిపిస్తాయి. వాటికి వారం వారం క్లాసు దొరకడం కష్టం. ఏది శాస్త్రీయం, ఏది జానపదం అనే లెక్క ఇక్కడి కులాల, వర్గాల లెక్కే. అది కూడా సామానుతో పాటే విమానం ఎక్కింది.