మోటార్ రివైండింగ్ పుస్తకం: చివరి పదకోశం, పొడి అక్షరాలు

పర్లాఖిముండి, కాశీనగర్ షాపుల్లో తెలుగు పిల్లలు తీగ అంటారు, ఒడియా పిల్లలు తార అంటారు, కానీ మోటార్ విప్పి బల్ల మీద పెట్టాక అందరి నోటా వచ్చేవి స్లాట్, పిచ్, వైండింగే. అందుకే ఇక్కడ కొత్త పదాలేవీ పుట్టించలేదు, షాపులో వినిపించే మాటనే తీసుకుని అర్థం రాశాను.

ఇన్సులేషన్ క్లాస్: వైండింగ్ ఎంత వేడి వరకు తట్టుకుంటుందో చెప్పే అక్షరం. బి అంటే 130 డిగ్రీల సెల్సియస్, ఎఫ్ అంటే 155, హెచ్ అంటే 180. ఎఫ్ మోటార్‌కి బి పేపర్ వేసి రైతుకి తిరిగి ఇవ్వకండి, ఎండాకాలంలో వంశధార ఒడ్డున రోజంతా తిరిగే పంపు అది.

కెపాసిటర్: సింగిల్ ఫేజ్ మోటార్ తిరగడం మొదలుపెట్టడానికి కావాల్సింది. స్విచ్ ఆపినా ఇందులో చార్జి మిగిలే ఉంటుంది, డిశ్చార్జ్ చేశాకే చెయ్యి పెట్టాలి.

గేజ్: తీగ మందం. నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది, కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. 20 గేజ్ 0.914 మిల్లీమీటర్లు, 22 గేజ్ 0.711, 24 గేజ్ 0.559. పాత తీగని ఎనామిల్ గీకేసి మైక్రోమీటర్‌తో కొలవండి, కంటి అంచనా వద్దు.

పిచ్: కాయిల్ ఒక పక్క ఉన్న స్లాట్ నుంచి రెండో పక్క స్లాట్ దాకా దూరం. 36 స్లాట్లు, 4 పోల్స్ అయితే 36 ÷ 4 = 9, అంటే ఫుల్ పిచ్‌లో కాయిల్ 1వ స్లాట్‌లో దిగి 10వ స్లాట్‌లో లేవాలి. 9లో కాదు. దాటే స్లాట్లని లెక్కపెట్టాలి గానీ మొదటిదాన్ని ఒకటిగా పట్టుకోకూడదు. మా దగ్గర నేర్చుకునే ఒక కుర్రాడు రెండు రోజులు కూర్చుని చుట్టింది ఇదే పొరపాటుతో మళ్లీ విప్పాల్సి వచ్చింది, అతని ముఖం చూశాకే ఈ మాటకి ఇంత చోటు ఇచ్చాను.

మెగ్గర్: వైండింగ్‌కీ బాడీకీ మధ్య ఇన్సులేషన్ కొలిచే మీటర్. మన 415 వోల్టుల మోటార్లకి 500 వోల్టుల మెగ్గర్ వాడతాం. ఒక మెగాఓమ్ కంటే తక్కువ చూపిస్తే కరెంటు ఇవ్వొద్దు, ముందు తేమ ఆరబెట్టండి.

స్టార్: మూడు కాయిల్స్ చివర్లు ఒకచోట కలిపే కనెక్షన్. లైన్‌లో 415 ఉన్నా ఒక్కో కాయిల్‌కి దాదాపు 240 వోల్టులే పడతాయి. డెల్టాలో అయితే మొత్తం 415.

స్లిప్: స్టేటర్‌లో తిరిగే అయస్కాంత క్షేత్రం కంటే రోటర్ ఎంత వెనకబడిందో ఆ తేడా. ఆ క్షేత్రం నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే సూత్రం Ns = 120f/P, ఇందులో f అంటే ఫ్రీక్వెన్సీ, P అంటే పోల్స్. 50 హెర్ట్జ్, 4 పోల్స్‌కి 1500 వస్తుంది, నేమ్‌ప్లేట్ మీద 1440 ఉంటే స్లిప్ 4 శాతం.

పొడి అక్షరాలు

ఆర్‌పీఎం: నిమిషానికి ఎన్ని చుట్లు.

ఆర్‌సీసీబీ: కరెంటు లీకైతే లైన్ కట్ చేసేది. మనిషి ప్రాణం కోసమైతే 30 మిల్లీయాంపియర్లది పెట్టాలి.

ఎంసీబీ: ఓవర్‌లోడ్‌కీ షార్ట్‌కీ పడిపోయే స్విచ్. ఇది ఉంది కదా అని ఆర్‌సీసీబీ మానేయకండి, షాక్ నుంచి ఎంసీబీ కాపాడదు.

ఎస్‌డబ్ల్యూజీ: స్టాండర్డ్ వైర్ గేజ్. పైన ఇచ్చిన గేజ్ నంబర్లన్నీ ఇవే.

టీపీఎస్‌ఓడీఎల్: గజపతి, రాయగడ జిల్లాల్లో మన కరెంటు బిల్లు మీద కనిపించే పేరు, టీపీ సదరన్ ఒడిశా డిస్ట్రిబ్యూషన్ లిమిటెడ్, ఇందులో టీపీ అంటే టాటా పవర్.

డీఓఎల్: డైరెక్ట్ ఆన్ లైన్ స్టార్టర్. మోటార్‌కి ఒకేసారి పూర్తి వోల్టేజీ ఇస్తుంది, కాబట్టి మొదట్లో కరెంటు ఐదారు రెట్లు లాగుతుంది.

హెచ్‌పీ: హార్స్ పవర్, 746 వాట్లు. 5 హెచ్‌పీ మోటార్ నేమ్‌ప్లేట్ మీద 3.7 కిలోవాట్లు అని ఉంటుంది, రెండూ ఒకటే.