అగరోజ్ జెల్‌పై లాంబ్డా డీఎన్‌ఏ ముక్కల విభజన: ప్రయోగ నివేదిక

ఉద్దేశం

లాంబ్డా ఫేజ్ డీఎన్‌ఏ పొడవు 48,502 బేస్ జతలు. దీన్ని ఎకో ఆర్ వన్, బామ్ హెచ్ వన్ ఎంజైములలో ఏదో ఒకదానితో కత్తిరించిన గుర్తు లేని ట్యూబును మాకు ఇచ్చారు. జెల్‌పై కనిపించే బ్యాండ్లను బట్టి ఆ ఎంజైము ఏదో తేల్చడం ఈ ప్రయోగ ఉద్దేశం. లాంబ్డా డీఎన్‌ఏను రెండు ఎంజైములూ ఐదేసి చోట్ల కోసి ఆరేసి ముక్కలు చేస్తాయి కాబట్టి, బ్యాండ్ల సంఖ్యతో సమాధానం దొరకదు. వాటి పరిమాణాలే చూడాలి.

సూత్రం

డీఎన్‌ఏలోని ప్రతి ఫాస్ఫేటు సమూహం రుణావేశం కలిగి ఉంటుంది. అందువల్ల పొడవు పెరిగిన కొద్దీ ఆవేశమూ అదే నిష్పత్తిలో పెరుగుతుంది, ఒట్టి ద్రావణంలోనైతే చిన్న, పెద్ద ముక్కలు దాదాపు ఒకే వేగంతో ధన ఎలక్ట్రోడు వైపు కదులుతాయి. వాటిని వేరు చేసేది అగరోజ్ రంధ్రాల వల: చిన్న ముక్కలు అందులోంచి సులువుగా దూరిపోతాయి, పెద్దవి వెనకబడతాయి. ఒక పరిధిలో ముక్క పొడవు లాగరిథమ్‌కు, అది ప్రయాణించిన దూరానికి సరళరేఖా సంబంధం ఉంటుంది. ప్రోటీన్లకు ఇలాంటి సమాన ఆవేశం సహజంగా ఉండదు కాబట్టి, పాలీఅక్రిలమైడ్ జెల్‌లో వాటికి ఎస్‌డీఎస్ కలిపి, మడతలు విప్పి, రుణావేశం తొడిగాకే పరిమాణాన్ని బట్టి విడదీస్తారు.

విధానం

టీఏఈ బఫర్‌లో 0.8 శాతం అగరోజ్ జెల్ పోసి, ఒక్కో లేన్‌లో 500 నానోగ్రాముల డీఎన్‌ఏ వేశాము. మొదటి లేన్‌లో కత్తిరించని డీఎన్‌ఏ, రెండో లేన్‌లో హిండ్ త్రీ ఎంజైముతో కత్తిరించి 65 డిగ్రీల సెల్సియస్ వద్ద 10 నిమిషాలు వేడిచేసిన నమూనా, మూడో లేన్‌లో వేడిచేయని అదే నమూనా, నాలుగో లేన్‌లో వేడిచేసిన మా ట్యూబు నమూనా ఉన్నాయి. సెంటీమీటరుకు 5 వోల్టుల చొప్పున, బ్రోమోఫినాల్ బ్లూ 76 మి.మీ. దాటే వరకు నడిపాము. ఎథిడియం బ్రోమైడుతో రంగు వేసేటప్పుడు నైట్రైల్ తొడుగులు, అతినీలలోహిత కాంతిలో చూసేటప్పుడు ముఖ కవచం వాడాము.

పరిశీలనలు

వెల్ అంచు నుంచి కొలిస్తే, రెండో లేన్‌లో 23,130 బేస్ జతల బ్యాండు 15 మి.మీ. వద్ద, 9,416 జతలది 22 వద్ద, 6,557 జతలది 28.5 వద్ద, 4,361 జతలది 36 వద్ద, 2,322 జతలది 48 వద్ద, 2,027 జతలది 50.5 వద్ద ఉన్నాయి. 564 జతల బ్యాండు 74 మి.మీ. వద్ద చాలా పలచగా కనిపించింది. 125 జతలది కనిపించలేదు. మెరుపు ద్రవ్యరాశిని బట్టి ఉంటుంది, 500 నానోగ్రాములలో ఆ చిన్న ముక్క వాటా 1.3 నానోగ్రాములే కాబట్టి ఇది ఊహించినదే.

మూడో లేన్‌లో 4,361 జతల బ్యాండు బాగా మసకబారింది. లాంబ్డా డీఎన్‌ఏ రెండు కొసల్లోనూ 12 బేసుల పొడవున్న, పరస్పరం అతుక్కునే ఒంటిపోగులు ఉంటాయి. వేడిచేయకపోతే కుడి కొసనున్న 4,361 జతల ముక్క ఎడమ కొసనున్న 23,130 జతల ముక్కకు అంటుకుని పైకి చేరుతుంది. ఈ సంగతి తెలియకపోతే మూడో లేన్‌ను అసంపూర్ణ జీర్ణమని పొరబడే అవకాశం ఉంది.

నాలుగో లేన్‌లో 15.5, 26.5, 31, 34, 40 మి.మీ. దూరాల్లో మొత్తం ఐదు బ్యాండ్లు మాత్రమే కనిపించాయి.

విశ్లేషణ

రెండో లేన్‌లో 9,416 నుంచి 2,027 జతల వరకు ఉన్న బ్యాండ్లతో గీసిన రేఖ ఇది. ఇందులో d అంటే మి.మీ.లలో దూరం:

```
log10(bp) = 4.491 - 0.0235 × d
```

దీని ప్రకారం నాలుగో లేన్‌లోని కింది నాలుగు బ్యాండ్లు సుమారు 7,400, 5,800, 4,900, 3,550 జతలు. పై బ్యాండుకు ఇదే రేఖ వాడితే 13,400 వస్తుంది, కానీ ఆ విలువను అంగీకరించలేము: 23,130 జతల బ్యాండుకే ఈ రేఖ 13,800 చూపిస్తోంది. అంత పొడవైన ముక్కలు జెల్‌లో సాగి, పాములా జారుతూ దాదాపు ఒకే వేగంతో కదలడమే ఇందుకు కారణం. రెండో లేన్‌లోని 23,130 జతల ప్రామాణిక బ్యాండు పక్కన పెట్టి చూసి, పై ముక్కను సుమారు 21,000 జతలుగా అంచనా వేశాము.

ఈ ఐదింటి మొత్తం 42,650. అసలు పొడవుకు సుమారు 5,850 జతలు తక్కువ, అంటే 31 మి.మీ. వద్ద రెండు ముక్కలు కలిసి ఉండవచ్చు. పై బ్యాండు అంచనాలోనే వేల జతల తేడాకు వీలుంది కాబట్టి కూడిక ఒక్కటే రుజువు కాదు. మెరుపు సాక్ష్యం అంతకంటే బలమైనది. ఒకే ముక్క అయితే 5,800 జతల బ్యాండు 7,400 జతలదానికంటే మసకగా ఉండాలి, కానీ అది స్పష్టంగా ఎక్కువ మెరిసింది. ఎకో ఆర్ వన్ ముక్కల్లో 5,804, 5,643 జతలవి రెండూ ఉన్నాయి. వాటి ఉమ్మడి ద్రవ్యరాశి 7,421 జతల ముక్కకు ఒకటిన్నర రెట్లు.

బామ్ హెచ్ వన్ ముక్కల్లో అతి చిన్నది 5,505 జతలు. నాలుగో లేన్‌లో 4,900, 3,550 జతల బ్యాండ్లు స్పష్టంగా ఉండటంతో ఆ ఎంజైముకు అవకాశం లేదు. ట్యూబులోని నమూనాను ఎకో ఆర్ వన్‌తో కత్తిరించారని నిర్ధారిస్తున్నాము. జంట బ్యాండును కళ్లారా చూడాలంటే ఇదే నమూనాను మరింత పొడవైన జెల్‌పై, తక్కువ వోల్టేజీతో, ఎక్కువ సేపు నడపాలి.