చిన్నీకి, శిక్షణ మధ్యలో రాస్తున్న ఉత్తరం

చిన్నీ,

ఈ మాట ఫోనులోనే చెప్పాలని మొదలుపెట్టి, పగలంతా మర్రి చెన్నారెడ్డి సంస్థలో తరగతులతో అలసిపోయిన నీ గొంతు వినగానే విరమించుకున్నాను. మాట్లాడుకుంటే సగంలోనే సలహాల్లోకి వెళ్ళిపోతామన్న భయం కూడా ఉంది. అందుకే రాస్తున్నాను. చివరిదాకా చదివిన తరువాతే జవాబు చెప్పు.

కొన్నాళ్ళుగా నీ విజయం పక్కన నన్ను నేను చాలా చిన్నవాడిగా చూసుకుంటున్నాను. నీ పేరు గ్రూప్-1 ఎంపిక జాబితాలో కనిపించిన నాడు నాకు కలిగిన సంతోషంలో ఏ కల్తీ లేదు, ఇప్పటికీ లేదు. ఆ సంతోషమూ ఈ చిన్నతనమూ ఒకే మనసులో ఉండగలవని నాకు ఈ మధ్యనే తెలిసింది.

మనం వేరువేరు చోట్ల బయలుదేరిన వాళ్ళమైతే ఇంత బాధ ఉండేది కాదేమో. అశోక్‌నగర్‌లో ఒకే గదిలో ఉండి, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పక్కపక్కనే కూర్చుని, ఒకరు రాసిన నోట్సు ఇంకొకరం చదువుకున్నాం. 2024 అక్టోబరులో నాకు డీఎస్సీ నియామక పత్రం వచ్చింది. అదే నెల 21 నుంచి 27 వరకు ఇద్దరం గ్రూప్-1 మెయిన్స్ రాశాం. అర్హత కోసం రాసే ఇంగ్లిషు పోను, ఆరు పేపర్లకు కలిపి ఉన్న 900 మార్కుల్లో నీవు దాటిన గీత నేను దాటలేకపోయాను. దానితో నేను సమాధానపడ్డాననే అనుకున్నాను. కానీ మామయ్య ఇంట్లో జరిగిన సన్మానంలో, నీకు శాలువా కప్పుతుండగా నా పక్కన కూర్చున్న పెద్దాయన "మరి నువ్వు టీచరుగానే ఉండిపోతావా, అల్లుడూ?" అని ప్రేమగానే అడిగినప్పుడు, ఏం చెప్పాలో తోచక తల దించుకున్నాను.

ఆ రాత్రి నీతో కొంచెం చెప్పబోయాను. "నీకు నాకన్నా తెలివి ఎక్కువ, బావా, మళ్ళీ రాయి, ఈసారి నన్ను దాటిపోతావు" అన్నావు. మరునాడు టెస్ట్ సిరీస్ వివరాలు పంపావు. నన్ను నిలబెట్టాలనే అలా చేశావని నాకు తెలుసు. అయినా నీతో పోల్చుకుని బాధపడుతున్న మనిషికి మళ్ళీ నీతోనే పందెం పెట్టినట్టయింది. ఇంకోసారి, "మాకు నిద్ర కూడా లేదు, నీ ఉద్యోగమే హాయి" అన్నావు. నీ కష్టం నిజమే. కానీ నా బాధ చెప్పిన ప్రతిసారీ ఎవరి కష్టం పెద్దదో తేల్చుకోవలసి వస్తే, ఇక చెప్పుకోవడమే మానేస్తాను. అదే నాకు ఎక్కువ భయంగా ఉంది.

నువ్వు తగ్గి మాట్లాడాలని నేను కోరడం లేదు. నా మనసు నొచ్చుకుంటుందని నీ శిక్షణ సంగతులు దాచిపెడితే, అది నన్ను ఇంకా దూరం చేస్తుంది. ఆ భూమి రికార్డుల తరగతి గురించి నువ్వు చెప్పినంతసేపూ నాకు ఎంత ఇష్టంగా ఉందో! అలాగే చెబుతూ ఉండు.

నాకు కావలసింది భరోసా. నేను బాధపడుతున్నానన్నప్పుడు వెంటనే దారి చూపించకుండా, కాసేపు విని, "నువ్వు నాకు ముఖ్యం, నీ ఉద్యోగాన్ని బట్టి కాదు" అని నోరు తెరిచి చెప్పు. నీకు తెలిసిన విషయమే కదా అనుకోవద్దు. నాకు అది నీ నోట వినాలని ఉంది. నీ సహోద్యోగులకు నన్ను పరిచయం చేసేటప్పుడు "ఈయన కూడా గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నారు" అనకుండా, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సోషల్ చెబుతారని చెప్పు. నా పని గురించి అడుగు. మొన్న తొమ్మిదో తరగతి పిల్లల్ని నేలకొండపల్లి బౌద్ధ స్తూపం దగ్గరికి తీసుకెళ్ళాను. ఇంత పెద్దది మన జిల్లాలోనే ఉంటే ఇన్నాళ్ళూ మాకెవరూ ఎందుకు చూపించలేదని ఒక అమ్మాయి నిలదీసింది. ఆ పూట ఆ పిల్లల ముఖాలు చూసినప్పుడు నేను చిన్నవాడినన్న తలపే రాలేదు. ఆ సంగతి ముందుగా నీకే చెప్పాలనుకున్నాను, కానీ ఆ రోజు మన మాటలు మళ్ళీ నోటిఫికేషన్ల మీదికి పోయాయి.

ఈ ఆదివారం ఖమ్మం వస్తున్నావు కదా, నా కోసం పరీక్ష పుస్తకాలు తేవద్దు. మళ్ళీ పరీక్ష రాయాలా వద్దా అన్నది వేసవి సెలవుల్లో నేనే ఆలోచించుకుని, ఏ నిర్ణయమైనా మొదట నీకే చెబుతాను. అప్పటిదాకా ఆ ప్రస్తావన మన మధ్యకు రానివ్వవద్దని నిన్ను అడుగుతున్నాను.

ప్రేమతో,
నీ బావ