నిద్రమాత్ర వల్ల పగటి మత్తు: మోతాదు మళ్లీ చూడమని డాక్టరమ్మ గారికి ఉత్తరం

టంగుటూరు మండలం,
ప్రకాశం జిల్లా,
14 ఫిబ్రవరి 2025.

డాక్టరమ్మ గారికి,

నమస్కారం. నేను వెంకటేశ్వర్లును, వయసు 62. మా అన్న పోయాక నిద్ర పట్టడం లేదని డిసెంబరు 18న ఒంగోలులో మీ దగ్గర చూపించుకున్నాను. పొగాకు ఆరబెట్టే మా బ్యారన్ మంట మీద ఉంది, వదిలి రాలేను. అందుకని ఈ ఉత్తరం, మీరు రాసిచ్చిన చీటీలు రెండూ మా మేనల్లుడి చేత పంపుతున్నాను. దయచేసి చదివి, మందు మార్చాలో తగ్గించాలో రాసి వాడి చేతికే ఇవ్వండి.

మొదట మీరిచ్చింది క్లోనజెపామ్ 0.5 మిల్లీగ్రాములు, రాత్రి తొమ్మిదికి ఒకటి. అప్పటిదాకా రాత్రికి రెండు గంటలు కూడా కన్ను మూతపడేది కాదు. ఆ మాత్రతో నాలుగైదు గంటలు పట్టింది. తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్లీ పట్టడం లేదని చెబితే జనవరి 8న 1 మిల్లీగ్రాము చేశారు. ఇప్పుడు ఏడు గంటలు పడుకుంటున్నాను. అన్న పోయిన బాధలో నాకు మళ్లీ నిద్ర ముఖం చూపించింది మీరే. ఆ మేలు మరిచిపోను. ఇబ్బందల్లా పగటి పూటే.

1 మిల్లీగ్రాము మొదలుపెట్టిన నాలుగైదు రోజులకు తెలిసింది. లేచి మొహం కడుక్కున్నా తల దిమ్ముగా ఉంటుంది. ఎనిమిది, తొమ్మిది గంటలకు కాస్త తేలికపడినట్టుంటుంది గానీ, పదకొండు దాటగానే మళ్లీ కమ్ముకొస్తుంది. ఒక్కసారిగా పడిపోవడం కాదు. కళ్లు తెరిచే ఉంటాయి, ఎదుటి మనిషి మాట వినబడుతూనే ఉంటుంది, జవాబు మాత్రం నోటిదాకా రాదు. ఆకు కోసే రెలుపు కూలీల లెక్క రాసే పుస్తకంలో మొన్న ఒక పేరు సగం రాసి, పెన్ను కిందికి జారి, గీత పేజీ చివరిదాకా పోయింది. రాస్తూ నిద్రపోయానని ఆ గీత చూసే నాకు తెలిసింది. ముప్పై ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను, ఇలా ఎప్పుడూ జరగలేదు.

ఫిబ్రవరి 6న బండి మీద టంగుటూరు నుంచి ఇంటికి వస్తున్నాను. మధ్యాహ్నం పన్నెండున్నర. హైవే దిగి ఊరి రోడ్డు ఎక్కాక ఎంత దూరం వచ్చానో నాకు గుర్తు లేదు. బండి రోడ్డు అంచు దిగి సుబాబుల్ మొక్కల్లోకి పోయి ఆగింది. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. అదే హైవే మీద అయి ఉంటే ఈ ఉత్తరం రాసేవాడిని కాదు. ఆ రోజు నుంచి బండి తాళం మా ఆవిడ దగ్గరే పెట్టాను.

కానీ నన్ను బాగా భయపెట్టింది మొన్న 11వ తేదీ. బ్యారన్ సంగతి మీకు కొంచెం చెప్పాలి. ఆకు పసుపు కట్టించి, రెక్క ఆర్చి, ఆఖరున ఈనె ఆరడానికి వేడి 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా తీసుకుపోతాం. అప్పటికి లోపలి ఆకు అప్పడంలా పెళపెళలాడుతుంటుంది. ఒక్క ఆకు రాలి కాలుతున్న గొట్టం మీద పడితే చాలు, బ్యారన్ అంతా అంటుకుంటుంది. అందుకే పొయ్యి దగ్గర మనిషి కదలకూడదు. రాత్రి మాత్ర వేసుకుంటాను కాబట్టి రాత్రి వంతు కూలి మనిషికి ఇచ్చి, పగటి వంతు నేను తీసుకున్నాను. ఆ రోజు పొయ్యిలో మొద్దులు నిండా తోసి, చప్టా మీద కూర్చున్నాను. మా ఆవిడ మజ్జిగ తెచ్చి భుజం పట్టి కుదిపితే లేచాను. థర్మామీటర్ 176 చూపిస్తోంది. ఎంతసేపు పడుకున్నానో తెలియదు. మొద్దులు బయటికి లాగి, తూములు తెరిచి దించాం. ఆకు కొంత ఎర్రబడింది. దాని ధర పోతే పోయింది గానీ, గోడకు అవతలే ఆకు అల్లే ఆడవాళ్లు పదకొండు మంది కూర్చుని ఉన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడమంటుంది.

రాత్రిళ్లు ఒంటికి లేచినప్పుడు తూలుతున్నాను. ఒకసారి గడప తగిలి పడ్డాను, తుంటి మీద కమిలింది. గురక కూడా మునుపటి కంటే ఎక్కువైందని, మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉండి మళ్లీ గట్టిగా లాగుతున్నానని మా ఆవిడ అంటోంది. ఇది మీకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

నా తప్పులు కూడా దాచను. జలుబు చేస్తే ఇక్కడ ఊళ్లో అడిగి సెట్రిజిన్ పది రోజులు వేసుకున్నాను, రాత్రి మాత్రతో కలిపే. అది కూడా మత్తు ఇస్తుందని నాకు తెలియదు. 9వ తేదీన మానేశాను. బండి మీద నుంచి పోయింది అది వేసుకుంటున్న రోజుల్లోనే, కానీ బ్యారన్ దగ్గర నిద్రపోయింది మానేశాక. పగలు మత్తు ఆపుకోవడానికి ఏడెనిమిది టీలు తాగుతున్నాను, ఆఖరిది సాయంత్రం ఆరింటికి. బీపీకి ఆమ్లోడిపిన్ 5 పొద్దున ఒకటి ఎప్పటిలాగే. మందు తాగే అలవాటు నాకు లేదు.

మా అమ్మాయి నెల్లూరులో స్టాఫ్ నర్సు. ఫోనులో అంతా చెప్పాను. ఈ మందు ఒంట్లోంచి సగం పోవడానికే ముప్పై, నలభై గంటలు పడుతుందట, రోజూ వేసుకుంటే ముందు రోజుది మిగిలి ఉండగానే కొత్తది చేరుతుందట, వయసు మళ్లిన వాళ్లలో మత్తు, తూలడం ఎక్కువట. నేను ఆ రాత్రే మాత్ర మానేద్దామనుకున్నాను. "నాన్నా, ఉన్నట్టుండి ఆపావంటే ఫిట్స్ రావచ్చు, డాక్టరమ్మను అడగకుండా ముట్టుకోవద్దు" అని గట్టిగా చెప్పింది. అందుకని మీరు చెప్పినట్టే 1 మిల్లీగ్రాము వేసుకుంటూనే ఉన్నాను. నాకై నేను ఏదీ మార్చలేదు.

మళ్లీ 0.5కు రావచ్చా, ఇంకేదైనా మందుకు మారాలా, మాత్ర తొమ్మిదికి బదులు ఇంకా ముందే వేసుకుంటే తేడా ఉంటుందా, మీరే చెప్పాలి. తగ్గించేటట్టయితే ఏ వారం ఎంతో తెలుగులో రాయండి, మా ఆవిడ చదివి చేతికిస్తుంది. ఈ మందు ఎన్నాళ్లు వాడాలో కూడా చెప్పండి. మునుపటిలా రాత్రంతా మేలుకుని ఉండాలంటే నాకు భయమే, ఆ మాట నిజం. కానీ నా మత్తు వల్ల ఇంకొకరికి ఏమైనా అయితే ఆ తర్వాత ఏ మాత్ర వేసుకున్నా నాకు నిద్ర రాదు.

పొయ్యి దగ్గర పగటి వంతుకు మా తమ్ముడి కొడుకును కూర్చోబెట్టాను, మీరు చెప్పేదాకా నేను దాని దగ్గరికి పోను. ఈ బ్యారన్ దించేది 17న. 18 పొద్దున మొదటి బస్సుకు వచ్చి మీకు కనబడతాను, మా ఆవిడ కూడా వెంట వస్తుంది. అంతకుముందే రావాలంటే మేనల్లుడితో చెప్పి పంపండి, అన్నీ వదిలి వస్తాను.

పోయిన పది రోజులుగా ఎన్నింటికి పడుకున్నది, ఎన్నింటికి లేచింది, పగలు ఎప్పుడెప్పుడు కునుకు పట్టింది మా ఆవిడ రాసిన కాగితం దీనికి జత చేశాను.

ఇట్లు,
మీ పేషెంటు
వెంకటేశ్వర్లు