విజ్జీకి, నలభై ఐదో పుట్టినరోజున

ఒసే విజ్జీ,

పుట్టినరోజు శుభాకాంక్షలే! ఇక్కడ ఇంకా పదమూడో తారీఖే, సాయంత్రం నాలుగున్నర. ఇప్పుడే లాంగ్ బెల్ కొట్టారు, పిల్లలు గేటు మీద పడి పరుగెడుతున్నారు. నేను స్టాఫ్‌రూమ్ మెట్ల మీద కూర్చుని టైపు చేస్తున్నాను. మీ ఆక్లాండ్‌లో అర్ధరాత్రి పన్నెండు దాటింది, అంటే నీకు నలభై ఐదు వచ్చేసింది. చిన్నప్పుడు అన్నిట్లోనూ నాకంటే ముందుండాలని తాపత్రయపడేదానివిగా, ఇప్పుడు నవంబర్‌లో మాకంటే ఏడున్నర గంటలు ముందే ముసలిదానివి అవుతున్నావు. సంతోషమేనా?

మీ బుజ్జి నిన్న నాకు వాయిస్ మెసేజ్ పెట్టింది. "పిన్నీ, ఫ్రెండ్‌షిప్ మీద తెలుగు సామెతలు ఒక టెన్ పంపించవా, అమ్మ కేక్ కట్ చేసే ముందు నేనే చదువుతాను" అంది. శనివారాల తెలుగు క్లాసు ఫలితం కాబోలు. ముందు ఫోన్‌లో వెతికాను. గులాబీ పువ్వు, దాని కింద రెండు లైన్లు, పక్కన ఒక పావురం. అన్నీ అవే. ఒకదాంట్లో స్నేహం సముద్రమట, ఇంకోదాంట్లో ఆకాశమట. మన స్నేహం అంత పెద్దదేం కాదు కదా, ఒక బెంచీ అంత ఉండేది. అందుకని మన ఇళ్ళల్లో విన్న సామెతలే తీసుకుని, అవి మనకి సరిపోతాయో లేదో చూస్తూ రాస్తున్నా. పది రాకపోవచ్చు. బుజ్జీ, ఇక్కడి నుంచి గట్టిగా చదువు, నిదానంగా.

ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారు. ఇది మన మీదే పుట్టిందేమో అనిపిస్తుంది. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒకటే బెంచీ, గోడవైపు నువ్వు, దారివైపు నేను. ఏడో తరగతికి వచ్చేసరికి మన చేతిరాతలు కూడా కలిసిపోయాయి గుర్తుందా? నువ్వు తలకట్టు పెడితే ఎగరబోయే పిట్ట రెక్కలా పైకి లేచేది. నాకు తెలియకుండానే నాదీ అలాగే లేవడం మొదలైంది. యూనిట్ టెస్టులో ఇద్దరి పేపర్లూ ఒకేలా ఉన్నాయని సోషల్ మాస్టారు ఇద్దర్నీ బెంచీ ఎక్కించారు. నిజానికి ఆ రోజు కాపీ కొట్టింది నేనే. నువ్వు కిక్కురుమనకుండా పీరియడంతా నిలబడ్డావు. ఇప్పటికీ నేను బోర్డు మీద రాస్తే తలకట్టు నీదే వస్తుంది. మా పిల్లలు దాన్నే చూసి నేర్చుకుంటున్నారు. తెనాలిలో నలభై మంది నీ దస్తూరీలో రాస్తున్నారని నీకు తెలుసా?

అడగందే అమ్మైనా పెట్టదు అంటారు. దీన్ని నేను ఒప్పుకోను. నువ్వు టిఫిన్ బాక్స్ మూత తీయగానే ముందు ఆ మూతలో నా వాటా పెట్టేసేదానివి, నేను తెచ్చుకున్నానా లేదా అని కూడా చూసేదానివి కాదు. మీ అమ్మగారు కూడా అది కనిపెట్టి, ఒకరికి సరిపోయే అన్నంలో ఇద్దరికి సరిపడా గోంగూర పెట్టేవారు. ఆ మూతకి ఒక పక్క సొట్ట ఉండేది, నూనె అక్కడ చేరేది, ఆ ముద్ద కోసం కొట్టుకునేవాళ్ళం. కాబట్టి బుజ్జీ, ఈ సామెతకి తోక ఒకటి నేను కడుతున్నాను, రాసుకో: అడిగితే అమ్మ పెడుతుంది, అడక్కముందే నేస్తం పెడుతుంది.

ఇప్పుడు పాలూ నీళ్ళ మాట. ఇది సామెత కన్నా కథ అనాలి, చిన్నప్పుడు సుభాషితమని చెప్పేవాళ్ళు. పాలల్లో నీళ్ళు కలిస్తే, పాలు తమ తెలుపూ రుచీ నీళ్ళకి ఇచ్చేస్తాయట. పొయ్యి మీద పెట్టినప్పుడు, ఆ మేలుకి బదులుగా నీళ్ళు ముందు తామే ఆవిరైపోతాయి. నేస్తం పోతున్నదని పాలు తట్టుకోలేక పొంగి మంటలోకి దూకబోతాయి. అప్పుడు నాలుగు చుక్కల నీళ్ళు చిలకరిస్తే, నేస్తం తిరిగొచ్చిందని అణిగిపోతాయి. నేను రోజూ పొద్దున్నే పాలు పొంగుతుంటే నీళ్ళు చల్లుతూ, మనిద్దరిలో పాలెవరు, నీళ్ళెవరు అని ఆలోచిస్తాను. కోపం విషయంలో పొంగేది నేనే, సందేహం లేదు.

ఇంటర్ మొదటి సంవత్సరం మనం ఎనిమిది నెలలు మాట్లాడుకోలేదు. కారణం ఇప్పుడు ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. ఎవరో ఎవరితోనో ఏదో అన్నారు, అంతే. మా తమ్ముడికి టైఫాయిడ్ వచ్చి ఇల్లంతా బెంబేలెత్తిపోయిన రోజు నువ్వు సైకిలు వేసుకుని వచ్చావు. నాతో మాట్లాడలేదు. వంటింటి గడప దగ్గర మా అమ్మ వదిలేసిన చిక్కుడుకాయల చేట ఒళ్ళో పెట్టుకుని, ఈనెలు తీస్తూ కూర్చున్నావు. నేనూ వచ్చి ఎదురుగా కూర్చున్నా. చేట సగం అయ్యాక, "ఇది పుచ్చు, పారెయ్" అన్నావు. ఎనిమిది నెలల తర్వాత నువ్వు నాతో అన్న మొదటి మాట అది. నాలుగు చుక్కల నీళ్ళంటే అవే కదే!

దూరపు కొండలు నునుపు. ఇది నా మీద నేనే వేసుకుంటున్నాను. నువ్వు వెళ్ళిన కొత్తలో ఫొటోలు పంపితే, ఆ పచ్చికలూ ఆ గొర్రెలూ చూసి, దీని బతుకు హాయిగా ఉంది అనుకునేదాన్ని. కొంచెం కుళ్ళు కూడా ఉండేది, ఇప్పుడు చెప్పేస్తే తప్పేముంది. జూన్‌లో చలికాలమట, మధ్యాహ్నం ఎండ ఉత్తరం నుంచి వస్తుందట, ఇల్లు కొనేవాళ్ళు ఉత్తరపు ఎండ చూసుకుంటారట. మీ అమ్మగారు తూర్పు గుమ్మం, తూర్పు గుమ్మం అని ఫోన్‌లో పోరు పెడుతుంటే నువ్వు తల పట్టుకున్న సంగతి చెప్పి నవ్వించావు. ఆ నవ్వు వెనకాల, మొదటి చలికాలం వంటింట్లో సింకు దగ్గర నిలబడి ఏడ్చేదానివని నాకు పదేళ్ళ తర్వాత గానీ తెలియలేదు. ఎవరు చెప్పారు? మీ ఆయన. అందుకు నీ మీద ఇంకా కోపమే. కలిమిలేములు కావడి కుండలని అంత బాగా తెలిసినదానివి, ఒక కుండ నా భుజం మీద పెడితే ఏం పోయేది?

బుజ్జీ, ఈ కింది పేరా చదవకమ్మా. ఫోన్ అమ్మకిచ్చెయ్.

విజ్జీ, 2021లో బాబాయిగారు పోయినప్పుడు మీ దేశం సరిహద్దులు మూసి ఉన్నాయి, నువ్వు రాలేకపోయావు. నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. ఉన్నది పదిమందిమి కూడా కాదు. చెయ్యి నొప్పి పుట్టి మార్చుకున్నప్పుడల్లా నీకు ఆకాశమో గోడో కనిపించి ఉంటుంది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. నువ్వు నీ కెమెరా ఆపేశావు. చీకటి తెర మీద నీ పేరు ఒక్కటే ఉంది, నేను ఆ పేరుకే అంతా చూపించాను. వారం తర్వాత "థాంక్స్ లక్ష్మీ" అని మెసేజ్ పెట్టావు. మొత్తం జీవితంలో నువ్వు నన్ను పూర్తి పేరుతో పిలిచింది అప్పుడే. నాలుగేళ్ళుగా అది నా గొంతులో ముల్లులా ఉంది. ఆపదలో విడిచిపెట్టనివాడే మిత్రుడని ఎంతమంది రాయలేదు! కానీ విడిచిపెట్టనందుకు థాంక్స్ చెప్పమని ఎవరైనా రాశారా? ఆ మెసేజ్ నేను డిలీట్ చేశాను. నువ్వూ చేసెయ్.

సరే, ఫోన్ మళ్ళీ బుజ్జికివ్వు. కళ్ళు తుడుచుకో, ఫొటోలు తీస్తారు.

చెడ్డవాళ్ళతో స్నేహం పొద్దుటి నీడలాంటిదట, ముందు బారెడు ఉండి పోనుపోను కుంచించుకుపోతుంది. మంచివాళ్ళతో స్నేహం మధ్యాహ్నం తర్వాతి నీడ. మొదట కాళ్ళ కిందే ఉండి, పొద్దు వాలేకొద్దీ సాగుతుంది. ఇప్పుడు నేను కూర్చున్న చోటి నుంచి జెండా కర్ర నీడ కనబడుతోంది. ఒంటిగంటకి కర్రంత పొడవు కూడా లేనిది, ఇప్పుడు నీళ్ళ ట్యాంకు దాకా పోయింది. బుజ్జీ, ఇది మీ అమ్మకి రెండుసార్లు చదివి వినిపించు, ఎందుకంటే నాకు ఇదే అన్నిటికంటే నచ్చింది.

ఇక మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవు. ఇది స్నేహం మీద సామెత కాదుగానీ, నీ మీద సామెత. "ఈ సంక్రాంతికి వచ్చేస్తున్నానే" అని ఎన్ని సంక్రాంతుల నుంచి అంటున్నావు? నేరుగా విమానం లేదు, సింగపూర్‌లో దిగి ఎక్కాలి, పిల్లల స్కూలు, ఆయన సెలవు, అన్నీ విన్నాను. మీ అమ్మగారు ఏటా డాబా కడిగించి, అరిసెలకి బియ్యం నానబోసే ముందు నన్ను అడుగుతారు, "లచ్చీ, అది వస్తోందా?" అని. ఈసారి ఆవిడకి నేను అబద్ధం చెప్పను. జవాబు నువ్వే చెప్పు.

నేను చెప్పకూడనివి కొన్ని ఉన్నాయి. మంచి మిత్రుడు రహస్యం దాస్తాడని పెద్దలన్నారు కాబట్టి ఎనిమిదో తరగతిలో ఇంకు బాటిల్ ఎవరి కుర్చీలో ఒలికిందో ఈ మెసేజ్‌లో రాయడం లేదు. బుజ్జీ, మీ అమ్మ మొహం ఎలా ఉందో చూసి నాకు చెప్పు.

ఇంకొకటి. చిన్నప్పుడు నవంబర్ పద్నాలుగున స్కూల్లో చాక్లెట్లు పంచితే, "నా పుట్టినరోజని పంచుతున్నారు" అని చెప్పేదానివి. మూడో తరగతిలో నేను నమ్మాను కూడా. నెహ్రూగారి పుట్టినరోజని తెలిసింది ఆ మరుసటేడు. రేపు మా బడిలోనూ పంచుతున్నారు. నా క్లాసుకి నేను నిజం చెప్పను, ఆక్లాండ్‌లో ఉండే నా ఫ్రెండ్ పుట్టినరోజని చెప్తాను. మీకు రాత్రి ఎనిమిదికి నాకు ఇక్కడ లంచ్ బెల్, పన్నెండున్నర. అప్పుడు వీడియో కాల్ చెయ్. నలభై మంది నోట్లో చాక్లెట్లు పెట్టుకుని నీకు శుభాకాంక్షలు చెప్తారు. ఈసారి కెమెరా మాత్రం ఆపకు.

నీ లచ్చి