నీ పచ్చళ్ల సంగతి

ఏమే, అమ్మకం మొదలుపెట్టే ముందు రుచి చూడమని నువ్వు పంపిన పచ్చళ్ల సీసాలు అందాయి. ఫోన్ చేస్తే "బాగుందా లేదా, అది చెప్పు" అని మధ్యలోనే తెంపేస్తావని మెసేజ్ పెడుతున్నా. తీరిగ్గా చదువు.

గోంగూర అదిరింది. మా అత్తగారు మూత తీసి వాసన చూసి "ఎవరు పెట్టారే?" అని అడిగారు. ఆవిడ ఊరికే అడిగే మనిషి కాదని నీకు తెలుసుగా. పులుపూ కారమూ సరిగ్గా కుదిరాయి, దాన్ని అస్సలు మార్చకు.

ఆవకాయ మాత్రం ఇలా అమ్మొద్దు. కారం, ఆవపిండి బాగానే ఉన్నాయి, ముక్కే మెత్తబడిపోయింది. నోట్లో పెట్టుకోగానే టెంక ఊడి వచ్చేసింది. కాయ టెంక ముదరకముందే కొట్టించావో, ముక్కల తడి సరిగ్గా తుడవలేదో నువ్వే చూసుకోవాలి. పైన నూనె కూడా తేలలేదు. అది ఎక్కడికి పోయిందో చెప్పనా? పార్సిల్‌లో చుట్టిన పేపరంతా ఎర్రగా తడిసి, అట్టపెట్టె అడుగున మరకైంది. మూత లోపల సీలు లేదు. నేను కాబట్టి నవ్వుకున్నా, డబ్బు కట్టినవాళ్లు ఫొటో తీసి పెడతారు.

ఇక లెక్క. కిలో 450, కొరియర్ ఫ్రీ అన్నావు. సరుకులు 260, సీసా 25 అని నువ్వే రాశావు. హైదరాబాద్ కొరియర్ 90. అంటే మిగిలేది 75. అదే బెంగళూరుకైతే 140, అప్పుడు పాతికే. ముక్కలు తుడిచి ఆరబెట్టిన రెండు రోజులకూ, నీ నడుం నొప్పికీ ఇందులో కూలి ఎక్కడుంది? రేటు పెంచడానికి మొహమాటపడుతున్నావని తెలుసు. పెంచలేనంటే కొరియర్ విడిగా తీసుకో.

పద్నాలుగు రకాల లిస్టు చూసి భయమేసింది తల్లీ. అల్లం, టమాటా, పండుమిర్చి... అన్నీ ఒకేసారి ఎవరు పెడతారు? నన్నడిగితే ఈ ఏడాది గోంగూరొక్కటే పెట్టు. ఆకు ఏడాదంతా దొరుకుతుంది, ఆవకాయలా కాయల సీజన్ కోసం ఆగక్కర్లేదు. పేరు సంగతి తర్వాత మాట్లాడుకుందాం, "అమ్మ చేతి రుచి" అని ఇప్పటికే వీధికొకటుంది.

లేబుల్ ప్రింట్ చేయించే ముందు ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించు, ఆ నంబరు లేబుల్ మీద ఉండాలి. బరువు, తయారీ తేదీ, ధర కూడా. అన్నట్టు, అర కిలో అని రాసిన సీసాలోని గోంగూరంతా గిన్నెలోకి తీసి మా కాటా మీద తూస్తే పచ్చడి 430 గ్రాములే ఉంది. కావాలని చేయలేదని నాకు తెలుసు, కొనేవాళ్లకు తెలియదు.

కోపమొచ్చిందా? రానీ. ఆదివారం పొద్దున్నే వస్తున్నా, కాటా కూడా పట్టుకొస్తా. ఆకు నువ్వు తెప్పించి ఉంచు, కాడలు తీసే పని నాది. ఖాళీ సీసా కడిగిపెట్టా, గోంగూరతో నింపి పంపించు. ఈసారి డబ్బులు తీసుకోకపోతే ఊరుకోను.